చచ్చిన గొడ్డును ముట్టం: వెల్లంపల్లి (1878), నాగపూర్ (1956) సామూహిక మతమార్పిడులు

1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందు రోజు 614 మంది, మర్నాడు 700 మంది. దాదాపు అందరూ మాదిగలే. ఈ అంకెలను మిషన్ చరిత్రలు అద్భుతంగా చెప్పుకున్నాయి. గిట్టనివాళ్లు మాత్రం 'కరువులో గంజి కోసం మతం మారారు' అని తీసిపారేశారు. రెండు కథనాల్లోనూ మాదిగలకు సొంత ఆలోచన ఉన్నట్టు కనిపించదు. వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ మార్పిడి ముందుగా ఒక పని నిరాకరణ అన్నది ఈ పత్రం వాదన.

గంజి వాదనను తేదీలే కొట్టేస్తాయి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగలకు పని ఇచ్చాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిసిందని చెప్పాకే జనం వెల్లంపల్లికి తరలివచ్చారు. కరువు వాళ్లను కదిలించలేదని నేను అనను. ఊరి మీద ఆధారపడితే ఏం మిగులుతుందో కరువు చూపించింది. కానీ గంజే కారణమైతే గంజి దొరికిన రోజుల్లోనే రావాలి కదా.

పైగా కథ 1878లో మొదలు కాలేదు. పన్నెండేళ్ల ముందే, 1866లో, యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికే ఆయన రాజయోగ సాధకుడు. పల్లె పల్లె తిరిగి తనవాళ్లతో మాట్లాడింది ఆయనే. తన వెతుకులాటలో ఉన్న మనిషి క్రీస్తును ఎంచుకున్నాడు గానీ, ఎవరో వచ్చి ఆయన్ను పట్టుకుపోలేదు. పేరయ్యను 'తొలి ఫలం' అని మాత్రమే రాయడం ఆయనకు చేసిన అన్యాయమే.

చేరేవాళ్లకు క్లఫ్ పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. చర్చి వీటిని భక్తి నియమాలుగా చూసింది. ఊరికి మాత్రం అవి వేరేగా వినిపించాయి. చెప్పులు కుట్టడం, బావి నుంచి నీళ్లు తోడే తోలు బాన కుట్టి ఇవ్వడం, గొడ్డు చస్తే ఈడ్చుకెళ్లడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిస్తే వెట్టికి రావడం: ఊరి దృష్టిలో మాదిగ అంటే ఇదే. ఆదివారం రాను అంటే, నా రోజుల్లో ఒకటి నాది అన్నట్టు. చచ్చిన గొడ్డు తినను అంటే, దాన్ని ఈడ్చుకెళ్లడానికీ రాను అన్నట్టు. విగ్రహాన్ని మొక్కను అంటే అమ్మవారి కొలుపులో డప్పు మోగదు. అందుకే కరణం, మునసబు మండిపడ్డారు.

మరాఠీ నేల మీద కూడా ఇదే తంతు. 1927లో మహద్‌లోనే అంబేడ్కర్ చచ్చిన గొడ్డు మాంసం మానమని తన కులస్థులైన మహార్లకు చెప్పాడు. 1935లో యేవలాలో, హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించాడు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చంద్రమణి భిక్షువు దగ్గర బౌద్ధ దీక్ష తీసుకుని, వచ్చిన లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించాడు. మర్నాటి ప్రసంగంలో కూడా ఆయన చచ్చిన గొడ్ల సంగతి ఎత్తడం నన్ను ఆగి ఆలోచించేలా చేసింది. కళేబరాలు లాగడం మానితే మీ రాబడి పోతుందన్నవాళ్లకు, ఆ పని మీరే చేసి ఆ రాబడి మీరే తీసుకోండని బదులిచ్చాడు. వెల్లంపల్లి మాదిగకు ఆ మాట విడమరచి చెప్పాల్సిన పని ఉండదు.

తేడా కూడా పెద్దదే. నాగపూర్‌లో నాయకుడు, ప్రతిజ్ఞలు, ప్రసంగం అన్నీ తమవే. నిరసన అని పైకే చెప్పారు. మహారాష్ట్రలో 1951 లెక్కల్లో 2,487 మంది ఉన్న బౌద్ధులు 1961కి 27,89,501 అయ్యారు. వెల్లంపల్లిలో రిజిస్టరు మిషనరీ చేతిలో ఉంది, జనం మాట ఆయన భాషలోకి మారి మనకు చేరింది. క్లఫ్ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ మాదిగల జ్ఞాపకాలు విని రాసి ఉంచకపోతే పేరయ్య గొంతు ఈమాత్రం కూడా దక్కేది కాదు. ఇక మాల, మాదిగల మధ్య గీతను చర్చి చెరపలేకపోయింది.

ప్రభుత్వం కూడా ఈ రెండు నిరసనలను ఒకేలా చూడలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. గుండ్లకమ్మలో మునిగినవాళ్ల మునిమనవలు చర్చి రిజిస్టరులో పేరు ఉంచుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకు దక్కేది బీసీ-సీ కింద 1 శాతం రిజర్వేషన్.