నిర్ణయ పత్రం: ఈ సీజన్‌లో మిరప ఎండబెట్టడానికి డబ్బు దేనిమీద పెట్టాలి

ఎవరికి: డైరెక్టర్ల బోర్డు
ఎవరి నుంచి: ముఖ్య కార్యనిర్వహణాధికారి
తేదీ: 17 నవంబరు 2025
చర్చ: 22 నవంబరు శనివారం, ఉదయం 11 గంటలకు, నర్సంపేట కార్యాలయంలో

తేల్చవలసింది

జనవరి కోత మొదలయ్యేలోగా మిరప ఎండబెట్టే పద్ధతిని మార్చడానికి కంపెనీ డబ్బు ఖర్చు పెట్టాలా? పెడితే దేనిమీద, ఎంత?

నా సిఫారసు: మూడు గ్రామాల్లోని 120 మంది రైతులకు సగం ధరకు టార్పాలిన్లు ఇద్దాం. బస్తా కట్టే ముందు తేమ కొలుద్దాం. తేమ 11 శాతం దాటిన సరుకును కంపెనీ పేరుతో అమ్మవద్దు. ఇందుకు మన చేతి నుంచి 6,62,000 రూపాయలు పోతాయి. సోలార్ డ్రయ్యర్లు ఈ ఏడాది వద్దు. కారణాలు కింద ఉన్నాయి.

ఈ పత్రం ఎందుకు రాయవలసి వచ్చింది

అక్టోబరు సమావేశంలో సర్వే బృందం 24 స్లైడ్లు చూపించింది. శ్రమపడి చేసిన పని, అందులో సందేహం లేదు. అయితే అన్నీ ‘ఇలా ఉంది’, ‘ఇంత ఉంది’ అని చెప్పే స్లైడ్లే. చివరి స్లైడులో ‘ధన్యవాదాలు’ అని ఉంది. ఏం చేయాలో ఎక్కడా లేదు, ఖర్చు మాటే లేదు. ఆ రోజు మనం రెండు గంటలు మాట్లాడుకుని ఏమీ తేల్చకుండా లేచాం. అందుకే ఆ స్లైడ్లను మళ్లీ తిరగేసి, సర్వే బృందం దగ్గర అసలు పట్టికలు తెప్పించుకుని ఇది రాశాను.

స్లైడ్లలో నిర్ణయానికి పనికొచ్చేవి

నాలుగే ఉన్నాయి. మొదటిది 5వ స్లైడు: అడిగిన 60 మంది రైతుల్లో 47 మంది నేలమీదో సిమెంటు రోడ్డుమీదో ఆరబెడుతున్నారు. 11వ స్లైడులోని ఫొటో మీకు గుర్తుండే ఉంటుంది: రోడ్డు వారగా పరిచిన ఎర్రటి కాయల మీదుగా ట్రాక్టరు టైరు గుర్తు. రెండోది, పరీక్షించిన 40 బస్తాల్లో 23 బస్తాల తేమ 11 శాతం దాటింది. మూడోది, ప్రయోగశాలకు పంపిన ఆరు నమూనాల్లో రెండింటిలో అఫ్లటాక్సిన్ మొత్తం కిలోకు 10 మైక్రోగ్రాములు మించింది. నాలుగోది, పోయిన సీజన్‌లో 19 మంది సరుకులో కొంత వానకు తడిసింది.

మూడోదాన్ని గురించి ఒక మాట. యూరప్ దేశాలు మిరపలో అనుమతించే పరిమితి మొత్తం అఫ్లటాక్సిన్‌కు 10, అందులో బి1 రకానికి 5 మైక్రోగ్రాములు. కాబట్టి ఆ రెండు నమూనాల సరుకు అక్కడికి పనికిరాదు. అంతమాత్రాన ‘మన మిరపలో మూడో వంతు విషం’ అనడం తప్పు. ఆరు నమూనాలతో అంత మాట తేలదు. పైగా అవి తడిసిన కుప్పల నుంచి ఏరి తీసినవని సర్వే చేసినవారే ఫోనులో చెప్పారు. తడిసి, నెమ్మదిగా ఆరిన కాయలో బూజు ఆ విషాన్ని తయారు చేస్తుందన్నది ఎలాగూ తెలిసిందే. మన నిర్ణయానికి అంత చాలు.

17వ స్లైడు మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఎనుమాముల మార్కెట్‌లో మన రైతుల సరుకు క్వింటాకు 600 నుంచి 1,500 రూపాయలు తక్కువ పలికిందని అందులో ఉంది. సమావేశంలో అందరం పట్టుకున్నది ఈ అంకెనే. పట్టికలు తెరిచి చూస్తే అందులో తేజ ఉంది, చపాట ఉంది, తాలు కాయ కలిసిన లాట్లూ ఉన్నాయి. వేర్వేరు వారాల ధరలనూ పక్కపక్కన పెట్టారు. జెండా పాట ధరతో పోల్చినవి కూడా కొన్ని ఉన్నాయి. జెండా పాట ఆ రోజు వచ్చిన మేలైన సరుకుకు పలికే ధర. దానితో మామూలు లాటును పోలిస్తే తేడా ఎప్పుడూ పెద్దగానే కనబడుతుంది. ఒకే రకం, ఒకే వారం, ఒకటి బాగా ఎండినది, ఒకటి ఎండనిది అనే షరతుతో వెతికితే 11 జతలు దొరికాయి. వాటిలో తేడా 400 నుంచి 900 దాకా ఉంది. ఈ పత్రంలో లెక్కలన్నీ 400 మీదే కట్టాను.

దారులు

*ఒకటి: ఇప్పుడున్నట్లే ఉంచడం.* కంపెనీకి పైసా ఖర్చు లేదు, ఎవరితోనూ మాట పట్టింపు రాదు. పోయిన ఏడాది పడిన నష్టం ఈ ఏడాదీ పడుతుంది. మార్చి, ఏప్రిల్ వానలు మన చేతిలో లేవు. మన పేరుతో పోయిన బస్తాల్లో తడి సరుకు ఒక్కసారి బయటపడితే ఆ ఖరీదుదారు మళ్లీ మన లాటు దగ్గర ఆగడు.

*రెండు: టార్పాలిన్లు, తేమ కొలత.* మనిషికి మూడు చొప్పున 360 టార్పాలిన్లు, ఒక్కోటి 2,400. మొత్తం 8,64,000లో సగం రైతు, సగం మనం: మన వాటా 4,32,000. తేమ మీటర్లు నాలుగు, 56,000. రెండు సేకరణ కేంద్రాల్లో ఇద్దరు కుర్రాళ్లకు నాలుగు నెలల జీతం 1,04,000. ఇరవై నమూనాల ప్రయోగశాల పరీక్ష 70,000. అన్నీ కలిపి 6,62,000. క్వింటాకు 100 సేవా రుసుము తీసుకుంటే అనుకున్న 1,800 క్వింటాళ్ల మీద 1,80,000 తిరిగి వస్తుంది. అంటే 19 లక్షల నిల్వలో నికరంగా 4,82,000 తగ్గుతుంది.

లాభం రైతుది. క్వింటాకు 400 చొప్పున మొత్తం 7,20,000. టార్పాలిన్ మూడు సీజన్లు నిలుస్తుందనుకుని ఏటా మూడో వంతు రాసుకుంటే, రైతు వాటాతో కలిపి ఏడాది ఖర్చు 5,18,000, క్వింటాకు 288. ధర తేడా అంతకంటే తగ్గితే ఈ లెక్క నిలవదు.

లోపాలు దాచను. పదిహేను క్వింటాళ్లు పండించే రైతుకు అదనంగా వచ్చేది 6,000. అందులో టార్పాలిన్లకు 3,600, రుసుముకు 1,500 పోగా మొదటి ఏడాది చేతిలో మిగిలేది 900 మాత్రమే. ‘ఇంత చేస్తే ఇంతేనా’ అంటారు, అనాల్సిందే. రెండో ఏడాది నుంచి 4,500. రెండో లోపం మన మహిళా డైరెక్టర్ ఇదివరకే అడిగారు: సాయంత్రం కాయను కుప్ప చేసి కప్పేది ఎవరు, పొద్దున మళ్లీ పరిచేది ఎవరు? ఆ పని ఇంటి ఆడవాళ్ల మీదే పడుతుంది. 20వ స్లైడు కూడా అదే చెబుతోంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇద్దరు పట్టుకుంటే మడిచి మోయగల సైజులే కొందాం, శిక్షణకు భార్యాభర్తలిద్దరినీ పిలుద్దాం.

మూడోది అన్నిటికంటే కష్టం. సభ్యుడి సరుకును వెనక్కి పంపడం. ‘నా మిరప నా కంపెనీయే తీసుకోదా’ అనే మాట వస్తుంది. పోయిన వారం ఒక కల్లం దగ్గర మీటరు పెట్టి చూశాను. రైతు గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించారు. గింజ గలగలమంది. ‘ఎండింది సార్’ అన్నారు. మీటరులో 10.5 వచ్చింది, ఆయన మాట నిజమే. అదే కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి తీస్తే 14. ఆయన ఇంకేమీ అనలేదు, కుప్పను మళ్లీ నెరపడం మొదలుపెట్టారు. రైతు కళ్ల ముందే, కుప్ప అడుగు నుంచి కొలిస్తే గొడవ సగం తగ్గుతుందని నా నమ్మకం. మిగతా సగానికి ఒకటే మందు: డైరెక్టర్ల బస్తాలే ముందు కొలవాలి.

*మూడు: సోలార్ డ్రయ్యర్లు.* ఒక డైరెక్టర్ దీన్ని గట్టిగా కోరుతున్నారు. ఆయన వాదన తేలికగా కొట్టేసేది కాదు. దుమ్ము ఉండదు, వాన భయం ఉండదు, రంగు నిలుస్తుంది, ఆడవాళ్ల రాత్రి పని తప్పుతుంది. వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద అప్పు తీసుకుంటే వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. మూడు డ్రయ్యర్లకు వచ్చిన కొటేషన్ 19,50,000.

నన్ను ఆపింది వాటి సామర్థ్యం. ఒక్కోదానిలో ఒక విడతకు ఐదు క్వింటాళ్ల పచ్చి కాయ పడుతుంది, ఆరడానికి నాలుగు రోజులు. పండు కాయలో తేమ 75 శాతం ఉంటే, దాన్ని 10 శాతానికి తెచ్చేసరికి ఐదు క్వింటాళ్లలో మిగిలేది ఒకటిన్నర క్వింటా కూడా కాదు. తొంభై రోజుల్లో 22 విడతలు, మూడు డ్రయ్యర్లు: 92 క్వింటాళ్లు. మన 1,800లో ఇది ఇరవయ్యో వంతు. చెట్టుమీదే వాడిన కాయ తెచ్చి వేస్తే రెండింతలవుతుందనుకుందాం, అప్పుడూ పదో వంతే. వడ్డీ రాయితీ అప్పును చవక చేస్తుంది కానీ డ్రయ్యరును పెద్దది చేయదు. ఇక ఆ పదో వంతు ఎవరి కాయ అన్న ప్రశ్న వస్తుంది. దానికి ఊళ్లో జవాబు చెప్పుకోవడం 19 లక్షలు తేవడం కంటే కష్టం.

*నాలుగు: శీతల గిడ్డంగి.* చలిలో రంగు చెడదు, మార్చి రద్దీలో అమ్ముకోనక్కరలేదు. కానీ తడి కాయను తీసుకెళ్లి పెడితే తడి కాయే ఉంటుంది, పట్టిన అఫ్లటాక్సిన్ పోదు. ఎండబెట్టడం కుదిరాక, వచ్చే ఏడాది మాట్లాడుకుందాం.

సిఫారసు

రెండో దారి. 286 మంది మిరప రైతులకూ ఒకేసారి ఎందుకు ఇవ్వకూడదని అడగవచ్చు. ఇద్దరు మనుషులు, నాలుగు మీటర్లతో అందరి కుప్పలూ అడుగు దాకా కొలవలేం. కొలవకుండా టార్పాలిన్లు మాత్రమే పంచితే అది పంపిణీ కార్యక్రమం అవుతుంది. రెండు విడతల్లో కొందాం: ఇప్పుడు 240, మిగిలిన 120 ఫిబ్రవరిలో.

ఫిబ్రవరి 15న రెండు సంగతులు బోర్డు ముందు పెడతాను. మొదటిసారి కొలిచినప్పుడు 11 దాటిన లాట్లు ఐదింటికి ఒకటి కంటే ఎక్కువ ఉంటే రెండో విడత కొనుగోలు ఆపేద్దాం. కనీసం పది జతల అమ్మకాల్లో ధర తేడా 288 కంటే తక్కువ వచ్చినా అంతే. అప్పుడు డ్రయ్యర్ల సంగతి మళ్లీ తెరవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఆమోదానికి తీర్మానం

“మూడు గ్రామాల్లో 120 మంది సభ్యులకు సగం ధరకు టార్పాలిన్లు, తేమ మీటర్లు, సేకరణ సిబ్బంది, ప్రయోగశాల పరీక్షలకు 6,62,000 రూపాయలకు మించకుండా నిల్వ నుంచి ఖర్చు చేయడానికి, క్వింటాకు 100 రూపాయల సేవా రుసుము తీసుకోవడానికి బోర్డు అనుమతిస్తున్నది. 11 శాతం దాటిన సరుకు, డైరెక్టర్లదైనా సరే, మళ్లీ ఎండే వరకు కంపెనీ పేరుతో అమ్మరాదు.”

టార్పాలిన్లకు నవంబరు 25లోగా ఆర్డరు ఇస్తే డిసెంబరు చివరికి సరుకు చేతికొస్తుంది. శనివారం ఈ అంశాన్ని ఎజెండాలో మొదట పెట్టమని అధ్యక్షులను కోరుతున్నాను.

జత: 11 జతల అమ్మకాల పట్టిక, మూడు కొటేషన్లు