లిఫ్ట్ మార్పిడికి ప్రత్యేక మెయింటెనెన్స్: ఫ్లాట్‌కు ₹45,000

ఓనర్లందరికీ నమస్కారం.

మన లిఫ్ట్ రోప్‌లలో తీగలు తెగుతున్నాయి. రోప్‌లు మాత్రమే మారిస్తే చాలదా అని కొందరు అడిగారు. చాలదు. ట్రాక్షన్ పుల్లీ గాడులు అరిగిపోయాయి, వాటి మీద కొత్త రోప్ వేసినా జారుతుంది, త్వరగా పాడవుతుంది. బ్రేక్ పట్టు తగ్గి క్యాబిన్ ఫ్లోర్‌కు రెండంగుళాలు కిందో పైనో ఆగుతోంది. పాత రిలే కంట్రోలర్‌కు స్పేర్లు దొరకడం లేదు. అందుకే లిఫ్ట్ మొత్తం మార్చాలని జనరల్ బాడీ తీర్మానించింది.

ఖర్చు:
కొత్త లిఫ్ట్ (ఆరుగురికి, ఆటోమేటిక్ డోర్లు, కరెంటు పోతే దగ్గరి ఫ్లోర్‌లో ఆపే బ్యాటరీ పరికరంతో): ₹9,40,000
జీఎస్టీ 18%: ₹1,69,200
పాతది విప్పడం, పరంజా: ₹45,000
డోర్ల దగ్గర సివిల్ పని, పిట్ వాటర్‌ప్రూఫింగ్: ₹60,000
త్రీఫేజ్ కేబుల్, ఎర్తింగ్: ₹35,000
చిల్లర ఖర్చులు: ₹10,800
మొత్తం: ₹12,60,000

ఇందులో పాత సామాను అమ్మకం ₹60,000, కార్పస్ నుంచి ₹3,00,000 పోగా మిగిలిన ₹9,00,000 ఇరవై ఫ్లాట్లకు సమానం. గ్రౌండ్ ఫ్లోర్ వారికీ ఇదే వాటా. లిఫ్ట్ ఉమ్మడి ఆస్తి.

జూన్ 10లోగా ₹25,000, జూలై 10లోగా ₹20,000 అసోసియేషన్ ఖాతాకే పంపండి, ఫ్లాట్ నంబరు రాయండి. అద్దెకున్నవారి నుంచి వసూలు చేయొద్దు, ఇది ఓనరు ఖర్చు.

పని జూలై 15న మొదలై ఐదు వారాలు పడుతుంది. అన్ని రోజులూ మెట్లే గతి. పై అంతస్తుల పెద్దవాళ్ల గ్యాస్ బండలు, నీళ్ల క్యాన్లు వాచ్‌మన్ మోసి పెడతాడు, ముందురోజు చెప్పండి.

కొటేషన్లు కార్యదర్శి దగ్గర చూడవచ్చు.

— కమిటీ