డిసెంబరు 20, శనివారం: మీరు బరంపురం చేరిన రోజు ప్లాను

తమ్ముడూ,

టికెట్లు చూశాను. శుక్రవారం అర్ధరాత్రి ఢిల్లీలో దిగి, శనివారం ఉదయం 7:40కి భువనేశ్వర్ చేరతారు. ఆ రోజు ప్లాను నేనే వేశాను. మరదలికి కూడా చదివి వినిపించు. మార్చాలనుకున్నవి ఉంటే బయల్దేరేలోపు చెప్పండి, వచ్చాక మాత్రం మార్చొద్దు.

ఎందుకింత పట్టుదల అంటావేమో. పోయినసారి విమానం దిగి నేరుగా పూరీ వెళ్లారు. దారిలో బాబు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. దర్శనం క్యూలో నువ్వు నిలబడే నిద్రపోయావు. ఇంటికి వచ్చాక మూడో రాత్రి రెండున్నరకి నాకు మెలకువ వచ్చి చూస్తే, పాప చీకట్లో ఒక్కతే అరుగు మీద కూర్చుని ఉంది. బూట్లు వేసుకుని, జడ తనే అల్లుకుని. ‘అత్తా, ఇంకా తెల్లారలేదేంటి?’ అని అడిగింది. అది నేను మర్చిపోలేదు. ఈసారి ఆ పిల్ల అలా కూర్చోకూడదు.

మీ బావ కారు తీసుకుని 7:30కల్లా ఎయిర్‌పోర్టు బయట ఉంటారు. డ్రైవర్ని కూడా పెట్టాం. ‘నేను నడుపుతాను బావా’ అని స్టీరింగ్ పట్టుకోవద్దు. నీకు ఒళ్లు తెలియకుండానే కళ్లు మూతపడతాయి. జాతీయ రహదారి 16 మీద సుమారు 170 కిలోమీటర్లు, మధ్యలో ఒక టీ కలిపి మూడున్నర గంటలు. బాలుగాం దాటాక ఎడమ పక్కన చిలికా కనిపిస్తుంది. పిల్లలు దిగుదామంటారు. కిటికీలోంచే చూపించండి, పడవ బుధవారం. బాలుగాంలో పీతల భోజనం కూడా ఆ రోజుకు వద్దు, కడుపు ఇంకా అమెరికా టైములోనే ఉంటుంది. పిల్లలు కారులో నిద్రపోతే పోనివ్వండి, కానీ ఎంతసేపు పడుకున్నారో గుర్తు పెట్టుకో. మధ్యాహ్నం లెక్కకి కావాలి.

మీ అత్తగారికి ప్రతి గంటకీ రెండు గుక్కల నీళ్లు పట్టించండి. టీ దగ్గర కారు ఆగినప్పుడు కాసేపు నడిపించండి. అంతసేపు కూర్చున్నాక పాదాలు కొంచెం ఉబ్బడం మామూలే. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, ఊపిరి ఆడనట్టు ఉంటే మాత్రం ఇంటికి కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికే. ఆవిడ బీపీ, షుగర్ మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. ఇక్కడి గంటల ప్రకారం ఎప్పుడు వేసుకోవాలో అక్కడి డాక్టర్నే అడిగి చీటీ రాయించుకోండి. ఇక్కడికొచ్చాక ఊహించి వేయొద్దు.

ఇల్లు చేరేసరికి పన్నెండు. గుమ్మంలో అమ్మ దిష్టి తీస్తుంది, ఆ ఐదు నిమిషాలూ ఆవిడవి. తర్వాత గోరువెచ్చని నీళ్లతో స్నానాలు. పెట్టెలు విప్పొద్దు. ఒక్క రోజుకు సరిపడా బట్టలు, బ్రష్షులు, మాత్రలు ఒక చిన్న సంచిలో విడిగా పెట్టుకో. పెట్టె తెరిస్తే ‘ఇది ఎవరికి, అది ఎవరికి’ అని సాయంత్రమైపోతుంది. చుట్టాలందరికీ ఆదివారం మధ్యాహ్నం నుంచే రమ్మని నేనే ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చింది. రానీ, ఆదివారం వాళ్ల పాదాలకు నమస్కారం పెడితే పోతుంది.

12:30కి భోజనం. అమ్మ చేపల పులుసు, పులిహోర, గారెలు అంది. ఆ రోజుకి పెసరపప్పు, చారు, బీరకాయ కూర, పెరుగు చాలని ఒప్పించాను. గారెలు ఆదివారానికి వాయిదా పడ్డాయి.

ఇక అసలు విషయం నిద్ర. ఇప్పుడు మీకూ మాకూ పదిన్నర గంటల తేడా. ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర అంటే న్యూజెర్సీలో తెల్లవారుజాము నాలుగు, ఒంటికి నిద్ర అన్నిటికన్నా బరువుగా ఉండే వేళ. ఆ టైములో మిమ్మల్ని ఊరు తిప్పడం అన్యాయం, అలాగని ఐదింటి దాకా పడుకోనిస్తే రాత్రి జాగారమే. అందుకే 1:15కి పడక, 2:45కి లేపుతాను. కారులో బాగా నిద్రపోయినవాళ్లకి గంటే. లేపినప్పుడు తిట్టుకుంటారు, తెలుసు. తడిగుడ్డతో ముఖం తుడిచి, చేతిలో కాఫీ పెడతాను. ఆ రోజుకి కాఫీ, టీ అదే ఆఖరు. మూడు దాటాక తాగితే రాత్రి పదింటికి కూడా దాని ప్రభావం పోదు.

3:15కి గోపాల్‌పూర్. పదిహేను కిలోమీటర్లే, అరగంట. ఆ రోజు బయటకి వెళ్లేది ఇదొక్కటే, ఇది మాత్రం మానొద్దు. ఒంటి గడియారాన్ని తిప్పేది ముఖ్యంగా వెలుతురు. న్యూజెర్సీ తెల్లవారుజాము దాటాక పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది. అంటే మీకు ఆ రోజు పనికొచ్చే ఎండ మన సాయంత్రం ఎండే. డిసెంబరులో ఇక్కడ ఐదు దాటగానే పొద్దు వాలుతుంది, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకోవద్దు. ఇసుకలో చెప్పులు విడిచి లైట్‌హౌస్ కనిపించే దాకా మెల్లగా నడుద్దాం. పిల్లలు పాదాలు తడుపుకోవచ్చు, లోపలికి దిగకూడదు. అక్కడ అలలు మంచివి కావు, నిద్రమత్తులో ఉన్నవాళ్లకి అసలే కావు. బండి మీద వేడి వేరుశనక్కాయలు కొనిస్తాను. మిర్చి బజ్జీ అడిగితే ఇంకోరోజు.

విమానం ఆలస్యమై ఇల్లు చేరేసరికి మూడు దాటితే గోపాల్‌పూర్ ఉండదు. స్నానం చేసి డాబా మీద కూర్చుందాం, అమ్మ వడియాలు ఆరబెట్టే చోట ఆ వేళకి మంచి ఎండ ఉంటుంది. అప్పుడు కునుకు కూడా ఉండదు, రాత్రి ఎనిమిదికే పడుకోవచ్చు.

ఆరింటికి తిరిగొస్తాం. ఏడింటికి ఇడ్లీ, కొబ్బరి పచ్చడి. తర్వాత ఇంట్లో పెద్ద లైట్లు తీసేస్తాను, టీవీ ఉండదు. పిల్లలు 8:30కి, మీరు 9:30కి పడుకోవాలి. తొమ్మిదింటికి అక్కడ పొద్దున పదిన్నర, మీ ఆఫీసు గ్రూపులో మెసేజ్‌లు మొదలయ్యే టైము. ఫోను మీ బావ చేతికివ్వు.

రాత్రి మీకు మేడ మీది వెనక గది. మందపాటి కర్టెన్లు కుట్టించాను, దోమతెర కట్టించాను. రెండింటికో మూడింటికో పిల్లలకి మెలకువ వస్తుంది, అది ఎవరి తప్పూ కాదు. ‘పడుకో పడుకో’ అని కసరొద్దు. ఫ్లాస్కులో పాలు, పక్కనే అరటిపళ్లు, డబ్బాలో జంతికలు ఉంటాయి. చిన్న బెడ్‌లైటు చాలు, ఫోను మాత్రం ఇవ్వొద్దు. పాప లేస్తే నన్ను లేపండి. కింద నా పక్కన పడుకోబెట్టుకుని కథ చెబుతాను.

ఆదివారం ఎంత నిద్ర వచ్చినా ఏడింటికి లేవాలి. పట్టుచీరల బజారు సోమవారం. తారాతారిణి మంగళవారం: 999 మెట్లు, మీ అత్తగారికి రోప్‌వే. రోజుకి గంట చొప్పున సర్దుకుంటుందంటారు, కాబట్టి ఆ మంగళవారం కూడా మీరు పూర్తిగా తేరుకోరు. అందుకే ఏ రోజైనా ఒక్క ఊరే పెట్టాను.

పిల్లలకి స్వెటర్లు పైనే ఉంచు, కారులో పొద్దున చలిగా ఉంటుంది. బోర్డింగ్ అయ్యాక ఒక్క మెసేజ్ పెట్టు.

అక్క