శాకాహారంలో ప్రోటీన్, ఇనుము, బి12: మీ కోసం రాసిన ఆహార ప్రణాళిక

గత శనివారం మారతహళ్లి క్లినిక్‌లో మీరు చూపించిన రక్తపరీక్షలను, మీరు రాసి ఇచ్చిన వారం రోజుల భోజన వివరాలను చదివాక ఈ ప్రణాళికను సిద్ధం చేశాను. మీ వయసు 31, బరువు 56 కిలోలు, హీమోగ్లోబిన్ 10.6, ఇనుము నిల్వలను చూపే ఫెరిటిన్ 9, బి12 142. పాలు, పెరుగు, నెయ్యి మానేసి ఏడాదిన్నర అయిందని, సాయంత్రానికి నీరసంతో పాటు పాదాల్లో తిమ్మిరి ఉంటోందని చెప్పారు. ప్రోటీన్, ఇనుము, బి12 మూడింటిలో ప్రోటీన్‌ను మీ వంటగదే పూర్తిగా సరిచేయగలదు. ఇనుమును కొంతవరకే సరిచేయగలదు. బి12 విషయంలో మాత్రం ఏ వంటా పనికిరాదు కాబట్టి మాత్ర తప్పనిసరి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆ లెక్కన మీకు 46 గ్రాములు దాటాలి. పప్పుధాన్యాల ప్రోటీన్ పాల ప్రోటీన్ అంత పూర్తిగా జీర్ణం కాదు కనుక 55 గ్రాములను లక్ష్యంగా పెట్టుకున్నాను. మీరు ఇప్పుడు తింటున్నది 35 గ్రాములకు మించడం లేదు, ఎందుకంటే మీ ఇంట్లో పప్పు చేసిన రోజున కూడా అది అన్నంలో కలుపుకునే రెండు గరిటెల పలుచని పప్పుగానే కంచంలోకి వస్తోంది. ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో బియ్యం, గోధుమ, రాగుల్లో లైసిన్ తక్కువ, పప్పుల్లో మెథియొనిన్ తక్కువ. రెండూ తింటే ఒకదాని లోటును మరొకటి తీరుస్తుంది. అవి ఒకే పూట కలిసి రావాలన్న నియమమేమీ లేదు, రోజు మొత్తంలో రెండూ ఉంటే చాలు.

మామూలు రోజును ఇలా ఊహించుకోండి. ఉదయం 60 గ్రాముల పెసలతో పెసరట్టు, దాంతో సుమారు 14 గ్రాముల ప్రోటీన్. మధ్యాహ్నం డబ్బాలోకి 40 గ్రాముల కందిపప్పుతో గట్టిగా వండిన తోటకూర పప్పు, అన్నం, రెండూ కలిసి 15 గ్రాములు. సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుశనగలు, 7 గ్రాములు. రాత్రి రెండు చపాతీలు, 25 గ్రాముల మీల్ మేకర్ కూర, 19 గ్రాములు. ఈ తూకాలన్నీ వండక ముందువి. అనంతపురం వంటకు అలవాటు పడినవారికి బెంగళూరులో ఒక వెసులుబాటు ఉంది: డిసెంబరు, జనవరి నెలల్లో ఏ మార్కెట్‌కు వెళ్ళినా అనపకాయలు కుప్పలుగా దొరుకుతాయి కాబట్టి ఆ రెండు నెలలూ మీల్ మేకర్ బదులు పితికిన పప్పు, రాగిసంగటి చేసుకోండి. మీల్ మేకర్ తినలేని రోజున టోఫు గానీ, రాత్రి నానబెట్టిన రాజ్మా గానీ వండవచ్చు.

ఇనుము కథ ఇంత తేలిక కాదు. మీ వయసు స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాములు అవసరమని అదే సంస్థ చెబుతోంది. పైన చెప్పిన భోజనంలో అందేది 15 నుంచి 18 మధ్య. అందులోనూ మొక్కల నుంచి వచ్చే ఇనుమును మన పేగులు కొద్దిగానే పీల్చుకుంటాయి. కనుక ఇంకేం తినాలి అన్న ప్రశ్న కన్నా, తిన్నదాన్ని ఒంటికి పట్టించేది ఏది, అడ్డుపడేది ఏది అన్న ప్రశ్నే ముఖ్యం. విటమిన్ సి సాయపడుతుంది. అందుకే పప్పన్నంలో నిమ్మరసం దించాక పిండుకోవాలి, మరుగుతున్నప్పుడు వేస్తే విటమిన్ కొంత నశిస్తుంది. వేరుశనగలతో పాటు ఒక జామపండు తినండి, ఉసిరికాయల కాలంలో పచ్చి ఉసిరి పచ్చడి ఇంకా మేలు. పప్పులు, చిరుధాన్యాల్లోని ఫైటేట్లు ఇనుమును పట్టి ఉంచుతాయి, నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వాటిని తగ్గిస్తాయి. ఇడ్లీ, దోసె పిండి పులవడం ఇందుకూ పనికొస్తుంది. టమాటా, చింతపండు పడే కూరలను ఇనుప మూకుడులో వండితే పులుపుకు కొంత ఇనుము కూరలోకి దిగుతుంది.

ఇక కాఫీ. ఈ ఊళ్ళో టిఫిన్ ముగియగానే ఫిల్టర్ కాఫీ తాగడం దాదాపు ఆచారం, మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, అవసరమూ లేదు. భోజనంతో గానీ భోజనమైన గంటకు గానీ తాగిన కాఫీ ఆ పూట ఇనుములో మూడో వంతుకు పైగా ఒంటికి పట్టకుండా చేయగలదు, భోజనానికి గంట ముందు తాగితే అలాంటి నష్టం కనబడలేదు. ఉదయం 8 గంటలకు టిఫిన్ తింటున్నారు కనుక కాఫీని 10.30కు మార్చండి, మధ్యాహ్న భోజనం ఒంటిగంట దాటాక చేయండి. సాయంత్రం టీ తాగితే దాన్ని జామపండుకు దూరంగా ఉంచండి. టీ కాఫీ కన్నా ఎక్కువ అడ్డుపడుతుంది.

మీ అత్తగారు ప్రేమతో ఇస్తున్న బీట్‌రూట్ రసం, బెల్లం ఉండల గురించి అడిగారు. బీట్‌రూట్ రంగే ఎరుపు, దానిలో ఇనుము వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. బెల్లంలో ఇనుము ఎంతుందన్నది తయారీని బట్టి మారుతుంది, మనం తినే కొద్దిపాటి ముక్కతో వచ్చేది స్వల్పం. ఆ ఉండలను మానకుండా నువ్వులతో చేయమని ఆవిడను అడగండి, అప్పుడు నిజంగానే ఉపయోగం ఉంటుంది.

ఫెరిటిన్ 9 అంటే నిల్వలు ఖాళీ అయినట్టే, భోజనంతో అవి నిండడానికి చాలా కాలం పడుతుంది. మీ డాక్టరు రాసిన 60 మిల్లీగ్రాముల ఇనుప మాత్రను రోజు విడిచి రోజు వేసుకోవడానికి ఆవిడతో ఫోనులో మాట్లాడి ఒప్పించాను. ఒక మాత్ర వేసుకున్నాక శరీరంలో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి మర్నాటి మాత్రను సరిగా పీల్చుకోనివ్వదు, పైగా రోజు విడిచి వేసుకుంటే కడుపులో తిప్పడం, మలబద్ధకం తగ్గుతాయి. నిద్ర లేవగానే 6.30కు నిమ్మరసం నీళ్ళతో వేసుకోండి. మలం నల్లబడితే భయపడవద్దు. కాల్షియం మాత్రను రాత్రి భోజనం తర్వాతే వేసుకోవాలి, రెండూ ఒకేసారి పడకూడదు.

బి12ను తయారు చేసేవి సూక్ష్మజీవులు మాత్రమే. స్పిరులినాలో ఉన్నదని చెప్పేది చాలావరకు మన శరీరం వాడుకోలేని నకలు రూపం. దోసె పిండినీ, చద్దన్నాన్నీ కూడా నమ్ముకోకూడదు. కాలేయంలో ఏళ్ళ తరబడి నిల్వ ఉండే విటమిన్ కాబట్టి, మీ సంఖ్య ఏడాదిన్నరలోనే ఇంతకు పడిందంటే పాలు తాగే రోజుల్లోనే నిల్వలు పలచబడి ఉండాలి. డాక్టరు రాసిన ఇంజెక్షన్ల కోర్సును ముందు పూర్తి చేయండి, ఆ తర్వాత 1000 మైక్రోగ్రాముల సయనోకోబాలమిన్ అనే బి12 మాత్రను బుధ, ఆదివారాల్లో వేసుకోండి. రోజు అవసరం 2.2 మైక్రోగ్రాములే అయినా ఇంత పెద్ద మోతాదు ఎందుకంటే, ఒకసారికి పేగులు చురుగ్గా పీల్చుకోగలిగేది రెండు మైక్రోగ్రాముల లోపే, మిగిలిన దానిలో నూటికి ఒక వంతు మాత్రమే తనంతట తాను లోపలికి చేరుతుంది. ప్లస్ ఎఫ్ గుర్తున్న గోధుమపిండి, బి12 కలిపిన సోయాపాలు కొంటే మంచిదే, అవి ఈ మాత్రకు బదులు కావు.

మందుల దుకాణంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రే చాలని చెబితే ఒప్పుకోకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో కృత్రిమంగా తయారుచేసిన ఆ ఫోలిక్ ఆమ్లం ఎందరి ప్రాణాలో నిలిపింది గానీ, బి12 లేకుండా దాన్నొక్కదాన్నే వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ నరాల నష్టం లోలోపల సాగిపోవచ్చు. మీ పాదాల తిమ్మిరి దృష్ట్యా ఇది మీకు మరీ ముఖ్యం. ఎసిడిటీకి అప్పుడప్పుడు వేసుకుంటున్న పాంటప్రజోల్ బి12నూ, ఇనుమునూ రెండింటినీ సరిగా పీల్చుకోనివ్వదు, దాన్ని కొనసాగించాలో వద్దో డాక్టరును అడగండి.

ఎనిమిది వారాలకు హీమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12 మళ్ళీ చేయించండి. హీమోగ్లోబిన్ 12 దాటినా ఇనుప మాత్రలు ఆపవద్దు, నిల్వలు నిండేందుకు మరో మూడు నెలలు కావాలి. తిమ్మిరి పాదాల నుంచి పైకి పాకినా, నడకలో తడబాటు కనిపించినా పరీక్షల తేదీ వరకు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గర్భం ధరించే ఆలోచన ఉంటే ముందే నాకు చెప్పండి, అప్పుడు ఈ మోతాదులన్నీ మార్చాలి.