విషయం: సికిల్ సెల్ రోగులలో హైడ్రాక్సీయూరియా అధ్యయనం – ప్రోటోకాల్ సవరణ 1 (వెర్షన్ 1.0 నుంచి 2.0)

సిరోంచ, గడ్చిరోలి జిల్లా
9 డిసెంబర్ 2024

సభ్య కార్యదర్శి గారికి,
సంస్థాగత నైతిక సమితి.

గౌరవనీయులైన అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారాలు.

సంక్రాంతి తర్వాత సిరోంచ, అంకీస, ఆసరెల్లి వైపు ఊళ్ల నుంచి చాలా కుటుంబాలు మిరపకాయలు ఏరడానికి గోదావరి దాటి ఏటూరునాగారం, వెంకటాపురం వైపు వెళ్తాయి. తిరిగొచ్చేసరికి ఏప్రిల్ అవుతుంది. మా అధ్యయనంలో ఇప్పటివరకు చేరిన 43 మందిలో 19 మంది ఈసారీ వెళ్తామని చెప్పారు. మీరు ఆమోదించిన ప్రోటోకాల్ ప్రకారం ప్రతి 28 రోజులకు సిరోంచ వచ్చి రక్తపరీక్ష చేయించుకోవాలి. వరసగా రెండుసార్లు రాకపోతే అధ్యయనం నుంచి తీసేయాలి. అంటే కూలికి వెళ్లినందుకే ఈ 19 మందికి మందు ఆగిపోతుంది. ఎండలో, నీళ్లు సరిగా తాగే వీలు లేని పనిలో నొప్పులు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. సరిగ్గా ఆ నెలల్లోనే మందు ఆపడం న్యాయం కాదని మా అభిప్రాయం. గత విజిట్‌లో ఒకామె అన్నారు: "ఇంటికాడ కూసుంటే ఏం తింటం మేడం? పనికి పోతం. మందు మాత్రం ఆపకుండ్రి."

మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి పంపడం సులువే. కానీ మేం దానికి ఒప్పుకోలేదు. హైడ్రాక్సీయూరియా ఎముక మజ్జను అణచవచ్చు. తెల్ల కణాలు పడిపోతే బయటికి ఏమీ కనిపించదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. న్యూట్రోఫిల్స్ 2,000 కంటే, ప్లేట్‌లెట్లు 80,000 కంటే తగ్గితే మందు ఆపాలన్న నియమం యథాతథంగా ఉంటుంది. పరీక్ష గడువూ మారదు. రక్తం తీసే చోటు మాత్రమే మారుతుంది.

సవరణ ప్రకారం, వలస వెళ్లిన వారి దగ్గరికి మా నర్సు 28 రోజులకోసారి వెళ్లి 2 మి.లీ. రక్తం తీసుకుంటారు. శాంపిల్ చల్లపెట్టెలో సిరోంచ ల్యాబ్‌కు చేరుతుంది, 24 గంటల్లోపు పరీక్ష పూర్తవుతుంది. ఫలితం సరిగా ఉంటేనే తర్వాతి నెల మందు. పని చోటుకు వెళ్లినా కలవలేని పక్షంలో మందు ఆపుతాం కానీ మనిషిని అధ్యయనం నుంచి తీసేయం. వచ్చాక పరీక్ష చేసి మళ్లీ మొదలుపెడతాం. రాష్ట్రం మారుతోంది కాబట్టి అక్కడి జిల్లా వైద్యాధికారి అనుమతి కోరాం. అది చేతికి రాకుండా అక్కడ రక్తం తీయం.

పాల్గొనేవారికి కూలి పోదు, పనయ్యాక సాయంత్రం పూటే కలుస్తాం. సూది పోట్ల సంఖ్యా పెరగదు. కొత్తగా వచ్చే ప్రమాదం గోప్యతకు సంబంధించినది, సమితి ముఖ్యంగా చూడాల్సింది అదే. చేను పక్కన వరసగా వేసిన గుడారాల్లో ఏదీ దాగదు. ఫలానా అమ్మాయికి జబ్బుందని మేస్త్రీకి తెలిస్తే వచ్చే ఏడు పనికి పిలవకపోవచ్చు, పెళ్లి సంబంధం చెడవచ్చు. అందుకే నర్సు గుడారాల దగ్గరికి వెళ్లరు. ఎక్కడ కలవాలో పాల్గొనేవారే బయల్దేరే ముందు చెబుతారు. బండికి బోర్డు ఉండదు, ట్యూబు మీద కోడ్ నంబరే ఉంటుంది. ఫోన్ చాలామందికి సొంతం కాదు, భర్తదో మేస్త్రీదో. అవతల ఎవరెత్తినా "సిరోంచ నుంచి" అని మాత్రమే అంటాం. ఆడవాళ్లకు నెలనెలా చేసే గర్భపరీక్ష మహిళా నర్సే, ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు.

పాల్గొనేవారికి ఇచ్చే కార్డు విషయంలో మాలోనే చర్చ జరిగింది. జ్వరమొస్తే, వాడుతున్న మందేమిటో అక్కడి డాక్టరుకు వెంటనే తెలియాలి. అదే కార్డు ఇంకొకరి కంటపడితే గుట్టు బయటపడుతుంది. చివరికి జబ్బు పేరు లేకుండా మందు పేరు, 24 గంటలు పనిచేసే మా ఫోన్ నంబరు మాత్రమే వేశాం. దగ్గర ఉంచుకోవాలా వద్దా అన్నది వారి ఇష్టం. గుడారాల్లో చిన్నపిల్లలు ఉంటారు కనుక క్యాప్సూల్స్‌ను పిల్లలు తీయలేని మూత ఉన్న డబ్బాలో ఇస్తాం.

చేరినవారందరికీ, వలస వెళ్లనివారికి కూడా, సవరించిన సమ్మతి పత్రం తెలుగులో, మరాఠీలో, గోండీలో చదివి వినిపించి మళ్లీ సమ్మతి తీసుకుంటాం. చదవలేనివారి వేలిముద్రకు అధ్యయనంతో సంబంధం లేని సాక్షి ఉంటారు. పని చోట కలవడం వద్దన్నవారు సిరోంచ వచ్చే పాత పద్ధతిలోనే కొనసాగవచ్చు.

మొత్తం సంఖ్య (60), మోతాదు, ఫలితాల కొలతలు మారవు. ప్రయాణ ఖర్చు అధ్యయన నిధి నుంచే భరిస్తాం.

గోప్యతపై ప్రభావం ఉంది కనుక దీన్ని చిన్న మార్పుగా పరిగణించమని కోరడం లేదు. పూర్తి సమితి ముందే పెట్టగలరు. అయితే సంక్రాంతి కాగానే బళ్లు కదులుతాయి, కాబట్టి ఈ నెల సమావేశంలోనే చేర్చమని మనవి. ఆమోదం వచ్చేదాకా పాత ప్రోటోకాలే అమలులో ఉంటుంది.

జతచేసినవి: మార్పులు గుర్తించిన ప్రోటోకాల్ వెర్షన్ 2.0, మూడు భాషల సమ్మతి పత్రాలు, కార్డు నమూనా, ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి.

భవదీయురాలు,
ప్రధాన పరిశోధకురాలు