సంక్రాంతి పొడుపు పద్యాలు: మన హైదరాబాద్ క్విజ్

(నల్లకుంటలో మా అపార్ట్‌మెంట్ పిల్లల కోసం. భోగి ముందు ఆదివారం సాయంత్రం 5 గంటలకు, సెల్లార్‌లో. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఎవరైనా రావచ్చు.)

చదివే వాళ్లకు ముందుగా నాలుగు మాటలు. రెండు జట్లు: జామ జట్టు, రేగు జట్టు. అన్నాచెల్లెళ్లను ఒకే జట్టులో వేయకండి, ఇంటి గొడవలు క్విజ్‌లోకి వస్తాయి. ప్రతి పద్యాన్ని రెండుసార్లు చదవాలి. మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి తాళం వేస్తూ. జవాబు ఒక్క మాటే. వెంటనే చెబితే 10 మార్కులు, ఆసరా అడిగి చెబితే 5. తప్పు చెబితే మార్కులు కోయొద్దు, అవతలి జట్టుకు ఇవ్వండి చాలు. పెద్దవాళ్లు వెనక నుంచి గుసగుసలాడితే ఆ ప్రశ్న రద్దు. ఈ మాట మైకులో ముందే చెప్పండి, ముఖ్యంగా తాతయ్యలకు వినబడేలా.

ఇక ఇక్కడి నుంచి పిల్లలకు చదవాల్సింది.

పిల్లలూ, అందరూ కూర్చున్నారా? ఇవాళ్టి జవాబులన్నీ మన ఊళ్లోనే ఉన్నాయి. కొన్నింటిని తిన్నారు, కొన్నింటిని ఎక్కారు, కొన్నింటి పక్క నుంచి రోజూ స్కూలు బస్సులో వెళ్తూనే ఉన్నారు. మొదట చిన్నవాళ్లకు.

ఒకటి

ఉప్పూ ఉంటుంది, తీపీ ఉంటుంది,
చాయ్‌లో మునిగితే మెత్తబడుతుంది.
ఒకటీ రెండని లెక్కపెట్టకుంటే
కప్పు అడుగున వెతకాల్సొస్తుంది!

ఆసరా: పేరు ముందు 'ఉస్మానియా' అని ఉంటుంది.
జవాబు: బిస్కెట్

రెండు

రెక్కలు లేవు, ఎగురుతా పైకి,
తెగిపోయానో, ఎవరి చేతికి?
సంక్రాంతి నాడు నింగి నా ఇల్లు,
కరెంటు తీగలే నాకు ముళ్లు.

జవాబు: పతంగి

'గాలిపటం' అన్నా పూర్తి మార్కులు ఇవ్వండి. పిల్లలూ, చైనా మాంజా మీద నిషేధం ఉంది. పక్షుల రెక్కలు తెగుతాయి, బండి మీద వెళ్లే వాళ్ల మెడలూ తెగుతాయి. నూలు దారంతో ఎగరేసినా పతంగి అంతే ఎత్తుకు వెళ్తుంది.

మూడు

బయట చూస్తే బొడిపెల కోటు,
లోపల చూస్తే వెన్నల చోటు.
గంపలో పెట్టి ఒకడమ్ముతాడు,
గింజ గింజకూ ఒకడుమ్ముతాడు!

ఆసరా: చలి మొదలయ్యే ముందు రోడ్ల పక్కన గంపలు గంపలుగా వస్తుంది.
జవాబు: సీతాఫలం

(ఈ పద్యం చివర నవ్వులు ఆగవు, కాసేపు వదిలేయండి. గింజలు ఎంత దూరం ఉమ్మగలరో మాత్రం ఇక్కడ పోటీ పెట్టొద్దు.)

నాలుగు

రైలునే కానీ నేలపై నడవను,
సిగ్నల్ పడినా రోడ్డున ఆగను.
తలుపులు మూసే ముందే చెబుతా,
మూడు భాషల్లో ఊళ్లు పలుకుతా.

జవాబు: మెట్రో

2017 నవంబరులో మొదలైంది. అంటే ఇక్కడ కూర్చున్న వాళ్లలో కొందరు దానికంటే చిన్నవాళ్లు. మూడు భాషలు ఏవో చెప్పిన జట్టుకు ఇంకో 5 మార్కులు: తెలుగు, హిందీ, ఇంగ్లిష్.

ఇప్పుడు అందరికీ. కొంచెం కష్టం పెరుగుతుంది.

ఐదు

నాలుగు చేతులు నింగికి చాచా,
నాలుగొందలేళ్లు నగరం కాచా.
నాలుగు వైపులా వాకిళ్లున్నా
తలుపులు సున్నా, తాళాలు సున్నా!

జవాబు: చార్మినార్

దీనికి ఆసరా అక్కర్లేదు, సగం చదవగానే అరిచేస్తారు. అయినా పద్యం పూర్తిచేసి తీరాలి. కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడు. పై అంతస్తులో మసీదు ఉంది. నాలుగు వైపులా కనిపించే గడియారాలు మాత్రం అప్పటివి కావు, దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత, 1889లో పెట్టారు. ఈసారి వెళ్లినప్పుడు గాజుల దుకాణాల వైపు పరిగెత్తకుండా ఒక్కసారి తలెత్తి చూడండి.

ఆరు

(చదివే వాళ్లూ, జాగ్రత్త! ఐదో జవాబుకు ఎవరూ చప్పట్లు కొట్టకుండా చూసుకోండి. ఎందుకో మీకే తెలుస్తుంది.)

ఒంటి చేతికి దొరకను నేను,
రెండూ కలిస్తే పలుకుతాను.
గోల్కొండ గుమ్మంలో పుట్టానంటే
చిటికెలో కొండెక్కి కూర్చుంటాను!

ఆసరా: ఇప్పుడు మీ జట్టు గెలిస్తే మేం మీకు ఇచ్చేది అదే.
జవాబు: చప్పట్లు

'గోల్కొండ' అని చెప్పే వాళ్లే ఎక్కువ ఉంటారు. మార్కులు లేవు; పద్యంలో ఉన్న మాట జవాబు ఎలా అవుతుంది? కోటలోకి వెళ్లే గుమ్మం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, ఆ శబ్దం గుమ్మటం లోపలి వంపులకు తగిలి పైకి ప్రయాణిస్తుంది. కొండ కొసన ఉన్న బాలా హిస్సార్‌లో నిలబడ్డ వాళ్లకు వినిపిస్తుంది. ఫోన్లు లేని కాలంలో కింద ఎవరో వచ్చారని పైవాళ్లకు తెలిసేది ఇలాగే. అక్కడికి వెళ్తే ఒకరు కింద ఉండి ఇంకొకరు పైకెక్కాలి. కింద ఎవరు ఉండాలన్న దాని మీదే కొట్లాట మొదలవుతుంది, ఎందుకంటే మెట్లు చాలా ఉన్నాయి.

ఏడు

రెండు ముళ్లున్నా గుచ్చను నేను,
పన్నెండు దాటితే మళ్లీ ఒకటేను.
సాలార్‌జంగ్‌లో గడ్డపు తాత
గంటకోసారొచ్చి పెడతాడు మోత!

జవాబు: గడియారం

సాలార్‌జంగ్ మ్యూజియంలో దీని ముందు కుర్చీలు వేసి ఉంటాయి. గంట కాబోతుండగా ఒక చిన్న తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికొస్తాడు, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. చూడాలంటే పన్నెండింటికి వెళ్లండి, ఎక్కువ దెబ్బలు దొరుకుతాయి.

ఎనిమిది

కూర్చుంటే నేను మట్టి రంగు,
రెక్క విప్పితే నీలి హంగు.
దసరా నాడు కనబడితే చాలు,
ఏడాదంతా మీకు శుభాలు.

ఆసరా: తెలంగాణ రాష్ట్ర పక్షి.
జవాబు: పాలపిట్ట

దసరా రోజు దీన్ని పంజరంలో తెచ్చి, చూపించి డబ్బులు అడిగే వాళ్లు వస్తారు. ఇవ్వకండి. పట్టి బంధించిన పిట్టను చూస్తే వచ్చే శుభం ఏమిటో నాకైతే అర్థం కాలేదు. ఊరి బయట తీగల మీద కూర్చుని ఉంటుంది, ఓపికగా వెతికితే కనిపిస్తుంది.

తొమ్మిది

కుండను నేను, నీళ్లకు కాదు,
తలపై సవారి, నడకే లేదు.
కడుపున అన్నం, నెత్తిన దీపం,
నన్ను చూస్తే అమ్మకు పోతుంది కోపం.

జవాబు: బోనం

ఆషాఢంలో మొదట గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్‌దర్వాజా. ఈ వరస చెప్పగలిగిన వాళ్లు ఎవరైనా ఉంటే, ఏ జట్టు అయినా సరే, 5 మార్కులు.

పది

వాన తడిపినా జలుబే రాదు,
ఎండ కాల్చినా దాహమే లేదు.
ఒకరిపై ఒకరం ఎక్కి కూర్చున్నాం,
కోట్ల ఏళ్లయినా కింద పడలేదు!

ఆసరా: ఖాజాగూడలో, జూబ్లీహిల్స్‌లో చూడొచ్చు. ఇళ్లు కట్టడానికి కొన్నింటిని పేల్చేశారు.
జవాబు: బండరాయి

రాయి, గుండు, బండ, ఏది చెప్పినా సరే. వీటిని ఎవరూ ఎత్తి పేర్చలేదు. ఒకే పెద్ద గ్రానైట్ రాయి పగుళ్ల వెంట నీళ్లూ గాలీ ఎండా తినేస్తూ పోతే మూలలు గుండ్రబడి, మిగిలినవి ఇలా ఒకదానిపై ఒకటి నిలిచాయి. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. డైనోసార్లు పుట్టేనాటికే ఇది ముసలిది.

ఇక చివరివి రెండే. ఒక్కోదానికి 20 మార్కులు.

పదకొండు

దిగులే నా పేరు, దిగులు లేదు నాకు,
పులుపే నా కాయ, పులుపే నా ఆకు.
మూసీ ఊరిని ముంచిన నాడు
నా కొమ్మెక్కినవాడు బతికినవాడు.

ఆసరా: మొన్న మీ ఇంట్లో చేసిన చారులో దీని పండు ఉంది.
జవాబు: చింతచెట్టు

'చింత' అని ఆపేసినా మార్కులు ఇవ్వండి. కానీ దీని కథ చెప్పకుండా తర్వాతి ప్రశ్నకు పోవద్దు. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి ఎన్నడూ లేనంత వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఒక చింతచెట్టు ఉంది. దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. కింద నీళ్లు, పైన వాన, కొమ్మ మీద పిల్లల్ని ఎత్తుకున్న అమ్మలు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అలాంటి వరద మళ్లీ రాకూడదనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి సలహా అడిగారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చినవే. మనం గండిపేట అని పిక్నిక్‌కు వెళ్లేది ఆ ఉస్మాన్‌సాగర్‌కే.

పన్నెండు

నీళ్ల నడుమ నిలిచే ఉంటా,
ఒళ్లు తడవక మౌనంగుంటా.
వస్తూ వస్తూ మునిగిపోయా,
రెండేళ్లకు పైగా దాగిపోయా.

జవాబు: బుద్ధుడు

ట్యాంక్‌బండ్ అన్నా, హుస్సేన్‌సాగర్ అన్నా మార్కులు లేవు, అవి ఆయన అడ్రస్ మాత్రమే. ఒకే రాయిలో చెక్కిన ఈ విగ్రహాన్ని 1990 మార్చిలో తెప్ప మీద తీసుకెళ్తుండగా అది ఒరిగి చెరువులో పడిపోయింది. ఆ ప్రమాదంలో పనివాళ్లు చనిపోయారు. 1992 డిసెంబరులో పైకి తీసి నిలబెట్టారు. బోటులో వెళ్లి చూసొచ్చిన పిల్లలు ఎవరైనా ఉంటే మైకు ఇవ్వండి, రెండు నిమిషాలు వాళ్లే చెబుతారు.

మార్కులు సమానమైతే

ఒక్కో జట్టు నుంచి అందరికంటే చిన్నవాళ్లను ఒక్కొక్కరిని ముందుకు పిలవండి. ఆసరా ఉండదు. ముందు ఎవరు చెబితే వాళ్ల జట్టే గెలిచినట్టు.

మూడు కాళ్లతో ముందుకురుకుతా,
సందు కనిపిస్తే చొరబడిపోతా.
ముఖాన మీటరు మూగబోయినా
'ఎంతిస్తావ'ని నోటితో అడుగుతా!

జవాబు: ఆటో

రెండు జట్లకూ ప్రైజులు ఒకటే: నువ్వుల లడ్డూలు, తలా ఒక పతంగి. దారం కండెలు మాత్రం గెలిచిన జట్టుకు ముందుగా ఇవ్వండి. ప్రైజులు సెక్యూరిటీ గది పక్కన టేబుల్ మీద ఉంటాయి, క్విజ్ అయ్యేదాకా ఎవరూ అటు వెళ్లకూడదు.