పెట్టెకి ఆరు ముఖాలు: నిన్నటి లెక్క మళ్ళీ ఒకసారి

నిన్న ట్యుటోరియల్‌లో సగం క్లాసుకి ఒక పక్క 36, రెండో పక్క 23.75 వచ్చింది. డైవర్జెన్స్ థియరం తప్పలేదు, మూడు ముఖాలు తప్పిపోయాయి. అవెక్కడ పోయాయో చూద్దాం.

లెక్క ఇది. కింది F కి ఈ పెట్టె మీద డైవర్జెన్స్ థియరం వెరిఫై చేయాలి, అంటే పెట్టె లోపల div F ట్రిపుల్ ఇంటిగ్రల్, ఆరు ముఖాల గుండా బయటికి పోయే మొత్తం ఫ్లక్స్ సమానమని చూపాలి:

```
F = (x² − yz) i + (y² − zx) j + (z² − xy) k
0 ≤ x ≤ 1,  0 ≤ y ≤ 2,  0 ≤ z ≤ 3
```

ముందు ఘనపరిమాణం వైపు చేద్దాం, అది రెండు లైన్ల పని. div F = 2(x + y + z). పెట్టెలో x సగటు 0.5, y సగటు 1, z సగటు 1.5. మూడూ కలిపితే 3, దానికి రెట్టింపు 6. పెట్టె ఘనపరిమాణం కూడా 6, కాబట్టి జవాబు 36.

ఇక ముఖాలు. x = 1 ముఖం మీద బయటికి చూసే నార్మల్ i. కాబట్టి F·n = 1 − yz. వైశాల్యం 6, yz ఇంటిగ్రల్ 2 × 4.5 = 9, ఫలితం −3. దాని ఎదురు ముఖం x = 0 దగ్గరే చాలామంది జారిపోయారు. "x సున్నా కదా, ఫ్లక్స్ కూడా సున్నా" అని రాసేశారు. సున్నా అయింది x² మాత్రమే, −yz అక్కడే ఉంది. పైగా ఈ ముఖానికి బయటి వైపు అంటే −i. కాబట్టి F·n = −(0 − yz) = yz, ఫలితం +9. జంట మొత్తం 6.

మిగతా రెండు జంటలూ ఇదే దారి:

```
y = 2 :  12 − 2.25 = 9.75     y = 0 :  2.25     జంట: 12
z = 3 :  18 − 1 = 17          z = 0 :  1        జంట: 18
6 + 12 + 18 = 36
```

సున్నా అనుకుని వదిలేసిన మూడు ముఖాల విలువ 9 + 2.25 + 1 = 12.25. 36లోంచి తీసేస్తే సరిగ్గా 23.75. వదలకుండా లెక్కేసి, నార్మల్ గుర్తు మాత్రం తిరగేసినవాళ్ళకి 11.5 వచ్చి ఉంటుంది.

నాకు ఈ లెక్కలో బాగా నచ్చేది ఆ జంటల సంగతి. ఎదురెదురు ముఖాల్ని కలిపి రాస్తే yz రెండుసార్లు, వ్యతిరేక గుర్తులతో వచ్చి కొట్టుకుపోతుంది. F లో i భాగాన్ని P అందాం. అప్పుడు మిగిలేది P(1,y,z) − P(0,y,z). ఇంటర్‌లో చదివిన నిశ్చిత సమాకలని సూత్రం ప్రకారం ఆ తేడా, ∂P/∂x ని x మీద 0 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేస్తే వచ్చేదే. దాన్ని y, z ల మీద కూడా ఇంటిగ్రేట్ చేస్తే ట్రిపుల్ ఇంటిగ్రల్‌లో మొదటి పదం వచ్చేసింది. మూడు జంటలకీ ఇలా చేస్తే పెట్టెకి థియరం రుజువైపోయినట్టే.

"వెరిఫై చేయండి" అని అడిగితే రెండు వైపులా చేయక తప్పదు. "ఫ్లక్స్ కనుక్కోండి" అంటే మాత్రం ట్రిపుల్ ఇంటిగ్రల్ చాలు. ఒక్క విషయం గమనించండి: z = 3 మూత తీసేసిన పెట్టె ఇస్తే అది మూసిన తలం కాదు, థియరం నేరుగా పెట్టకూడదు. మూత ఉన్నట్టే అనుకుని 36 తెచ్చుకుని, అందులోంచి మూత వాటా 17 తీసేయండి. మిగతా అయిదు ముఖాలకీ కలిపి 19.